సగం మార్చిలో, సగం ఏప్రిల్‌లో

మార్చి మూడో వారంలో ఒక రాత్రి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో ఒక కంపెనీలో పనిచేస్తాడు. చాలాకాలంగా సాగుతున్న ప్రాజెక్టు పూర్తయిందని కంపెనీ వాడికి 4 లక్షల బోనస్ ఇచ్చింది. ఏటా వచ్చేది కాదు, ఈ ఒక్కసారికే. సంతోషం పంచుకోవడానికి చేశాడనుకున్నాను. గొంతులో కంగారు వినిపించింది.

"మామయ్యా, నాలుగు లక్షల్లో తొంభై మూడు వేల ఆరు వందలు పన్నుకే పోతోంది. ఏడాదంతా నా జీతంలో ఒక్క రూపాయి పన్ను కోయలేదు. అందుకే సగం ఈ నెలలో, మిగతా సగం ఏప్రిల్‌లో ఇవ్వమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. సరేనన్నారు. ఇక పన్ను పడదు కదా?"

"బోనస్ లెటర్ చేతికొచ్చిందా?"

"తొమ్మిదో తారీఖునే వచ్చింది."

"అందులో ఏముందో చదువు."

"నాలుగు లక్షలు మంజూరైంది, మార్చి జీతంతో కలిపి చెల్లిస్తాం అని ఉంది."

"అయితే ఆలస్యమైందిరా," అన్నాను.

ఇరవై ఏళ్లకు పైగా కంపెనీల్లో జీతాల లెక్కలు చూశాను. బోనస్‌ని రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచమనే విన్నపం దాదాపు ప్రతి మార్చిలోనూ ఎవరో ఒకరి నుంచి వచ్చేది. అందులో తప్పేమీ లేదు. కష్టపడి సంపాదించుకున్న డబ్బులో చట్టం ఒప్పుకున్నంత మిగుల్చుకోవాలని ఎవరికైనా ఉంటుంది. కానీ అడిగేవాళ్లలో ఎక్కువమంది డబ్బు ఖాతాలో ఎప్పుడు పడుతుందో చూస్తారు. చట్టం చూసేది దాన్ని మాత్రమే కాదు.

ముందు వాడి కంగారుకి కారణమైన లెక్క చూద్దాం. వాడి జీతం ఏడాదికి 10,75,000. కొత్త పన్ను విధానంలో 75,000 స్టాండర్డ్ డిడక్షన్ తీసేస్తే పన్ను లెక్కలోకి వచ్చేది సరిగ్గా 10 లక్షలు. 2025-26 శ్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు పన్ను లేదు. 4 నుంచి 8 లక్షల దాకా 5 శాతం, 8 నుంచి 12 దాకా 10 శాతం, ఆపైన 16 లక్షల దాకా 15 శాతం. ఆ లెక్కన 10 లక్షల మీద 40,000 పన్ను పడాలి. అయితే ఆదాయం 12 లక్షలు దాటనివాళ్లకు రిబేటు రూపంలో ఆ పన్నంతా మాఫీ అవుతుంది. అందుకే ఏడాదంతా వాడి జీతంలో కోత లేదు.

ఇప్పుడు 4 లక్షలు కలిశాయి. ఆదాయం 14 లక్షలైంది. శ్లాబుల లెక్కన 90,000, దాని మీద 4 శాతం సెస్సు 3,600, మొత్తం 93,600. 12 లక్షల గీత దాటడంతో రిబేటు పోయింది. అంటే బోనస్ తన మీద పడే పన్నుతో ఆగలేదు, అంతకుముందు మాఫీ అయిన జీతం మీది పన్నునూ లాక్కొచ్చింది. అదంతా మార్చి ఒక్క నెలలోనే కోయాలి. పే స్లిప్పు చూసి "బోనస్‌కి వేరే రేటు ఉంటుందట" అనుకునేవాళ్లు చాలామంది. వేరే రేటేమీ లేదు. ఏడాది మొత్తం ఆదాయం మీద పన్ను కట్టి, అప్పటిదాకా కోయనిది మిగిలిన ఒక్క నెలలో కోస్తారు, అంతే.

అదే సగం సగం చేస్తే? ఈ ఏడాది 12 లక్షలు, పన్ను సున్నా. వచ్చే ఏడాది జీతమూ శ్లాబులూ ఇవే అనుకుంటే మళ్లీ 12 లక్షలు, మళ్లీ సున్నా. 93,600 మొత్తం మిగులుతుంది. వాడు లెక్కలో ఎక్కడా పొరపాటు పడలేదు.

చిక్కంతా ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 15 దగ్గర ఉంది. జీతం ఏ ఏడాది ఆదాయమో తేల్చేది అదే. యజమాని నుంచి మీకు రావలసిన జీతం, చేతికి అందినా అందకపోయినా, రావలసిన ఏడాది ఆదాయమే. రావలసిన రోజుకన్నా ముందే అందితే అందిన ఏడాది ఆదాయం. రావలసిన రోజు, అందిన రోజు, ఈ రెండింటిలో ఏది ముందైతే అదే లెక్క. బోనస్ కూడా ఈ విషయంలో జీతమే. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం వచ్చింది, ఆర్థిక సంవత్సరాన్ని 'పన్ను సంవత్సరం' అంటున్నారు గానీ ఈ సూత్రం మారలేదు.

ఈ 'రావలసిన రోజు' అన్న మాట మన ఇళ్లలో చాలామందికి తెలియకుండానే తెలుసు. ప్రభుత్వోద్యోగులు, టీచర్లు ఉన్న ఇంట్లో ఫిబ్రవరిలో పన్ను లెక్కల కాగితాలు నింపడం చూసే ఉంటారు. వాళ్లు ఏప్రిల్ నుంచి మార్చి దాకా కాకుండా మార్చి నుంచి ఫిబ్రవరి దాకా జీతాలు రాస్తారు. ఎందుకంటే మార్చి నెల జీతం వాళ్లకు రావలసింది ఏప్రిల్ 1న. పని మార్చిలో చేసినా, హక్కుగా అడగగలిగే రోజు కొత్త ఆర్థిక సంవత్సరంలో ఉంది కాబట్టి ఆ జీతం కొత్త ఏడాదికే చెందుతుంది. నెలాఖరు రోజునే జీతమిచ్చే ప్రైవేటు కంపెనీలో మార్చి జీతం మార్చిలోనే రావలసింది. ఏదో కారణంగా ఏప్రిల్ 5న పడినా అది పాత ఏడాది ఆదాయమే.

మావాడి లెటర్ సంగతీ అంతే. మొత్తం ఖాయమైంది, షరతు లేదు, మార్చి జీతంతో చెల్లిస్తామని రాసిచ్చారు. మార్చి జీతం పడే రోజుకి ఆ 4 లక్షలూ వాడికి రావలసిన డబ్బు. అందులో సగం ఏప్రిల్‌దాకా తీసుకోకుండా ఆగితే, చేతికి రావలసిన డబ్బుని తన ఇష్టంతో కంపెనీ దగ్గర ఉంచినట్టే. హక్కు పుట్టాక నాకొద్దని వదులుకున్నా సరే, అది ఆ ఏడాది ఆదాయమేనన్నది పన్ను చట్టంలో స్థిరపడిన మాట. జీతాన్ని కేంద్ర ప్రభుత్వానికి స్వచ్ఛందంగా వదిలేసేవాళ్లకు పన్ను పడకుండా 1961లో వేరే చట్టమే చేయాల్సి వచ్చింది.

"మరి హెచ్‌ఆర్ వాళ్లు ఎలా సరేనన్నారు మామయ్యా?" అని అడిగాడు.

ఇక్కడే చాలామంది మోసపోతారు, హెచ్‌ఆర్‌లో మంచి మనసుతో ఒప్పుకున్నవాళ్లతో సహా. జీతం మీద టీడీఎస్ కోయాల్సింది డబ్బు చెల్లించేటప్పుడు. కాబట్టి సగమే మార్చిలో ఇస్తే కంపెనీ ఆ సగాన్నే లెక్కలోకి తీసుకుని పన్ను కోయడం మానేస్తుంది. ఫారం 16లో 12 లక్షలే కనిపిస్తుంది, పన్ను సున్నా. ఉద్యోగి దాన్ని చూసి రిటర్ను వేసేస్తాడు. పైకి అంతా సవ్యంగానే ఉంటుంది. కానీ టీడీఎస్ నియమం వేరు, ఆదాయం ఏ ఏడాదిదో చెప్పే నియమం వేరు. మొదటిది డబ్బు కదిలిన రోజుని చూస్తుంది, రెండోది రావలసిన రోజునీ చూస్తుంది. ఈ రెంటి మధ్య సందులో ఇరుక్కునేది ఉద్యోగే.

ఎప్పుడైనా ఆ రిటర్నుని పరిశీలనకు తీస్తే అధికారి అడిగే మొదటి కాగితం బోనస్ లెటరే. దాని మీద మార్చి 9 తేదీ ఉంది. కంపెనీ పుస్తకాల్లో మార్చి 31కి 4 లక్షలూ ఖర్చుగా రాసి ఉంటుంది. సగం ఏప్రిల్‌లో ఇవ్వమని వాడు పంపిన మెయిల్ కూడా, లెటర్ తర్వాతి తేదీతో, వాడికి వ్యతిరేకంగానే మాట్లాడుతుంది. అప్పుడు 93,600 కట్టాలి, దాని మీద నెలకు 1 శాతం చొప్పున వడ్డీ కట్టాలి, ఆదాయం తక్కువ చూపారని పెనాల్టీ వేస్తే తగ్గిన పన్నులో 50 శాతం దాకా పోతుంది. ఏప్రిల్‌లో అందిన 2 లక్షలు మరుసటి ఏడాది టీడీఎస్ సర్టిఫికెట్‌లోనూ ఉంటాయి. ఒకే డబ్బుని రెండుసార్లు ఆదాయంగా లెక్కించకూడదని చట్టమే చెబుతుంది, కానీ రెండో ఏడాది లెక్కలోంచి అది తీయించుకునే శ్రమ మళ్లీ మనదే.

అలాగైతే బోనస్‌ని పంచుకోవడం అసలు కుదరదా? కుదురుతుంది. హక్కు పుట్టకముందే అడగాలి.

ఎప్పుడో 1954లో సాసూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, ఆదాయం ఒకరిదైంది అనాలంటే దాన్ని అడిగి తీసుకునే హక్కు ముందు పుట్టాలని. 1964లో రస్సెల్ కేసు మన విషయానికి ఇంకా దగ్గర. ఉద్యోగి రిటైరయ్యాక నెలనెలా డబ్బు అందేలా యజమాని ఒక పథకంలో చందా కట్టాడు. ఆ చందాను అప్పటికప్పుడే ఉద్యోగి ఆదాయంగా లెక్కించాలని ఆదాయపు పన్ను శాఖ వాదించింది. షరతులు తీరేదాకా ఆ డబ్బు మీద ఉద్యోగికి స్థిరమైన హక్కు లేదు కాబట్టి అది అతనికి రావలసింది కాదని సుప్రీంకోర్టు చెప్పింది.

దీన్ని బోనస్‌కి అన్వయిస్తే దారి కనిపిస్తుంది. లెటర్ రాయకముందే, మొత్తం ప్రకటించకముందే కంపెనీ ఇలా నిర్ణయించిందనుకోండి: సగం మార్చి జీతంతో ఇస్తాం, మిగతా సగం సెప్టెంబర్ 30 దాకా ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఆ నెల జీతంతో ఇస్తాం. ఆ రెండో సగం సెప్టెంబర్ 30 దాకా ఉద్యోగికి రావలసిన డబ్బు కాదు. మధ్యలో మానేస్తే ఒక్క రూపాయీ అడగలేడు. అందువల్ల అది నిజంగానే మరుసటి ఏడాది ఆదాయం. కంపెనీలకూ ఈ ఏర్పాటు ఇష్టమే, మంచి పనివాడు ఇంకో ఆరు నెలలు కదలకుండా ఉంటాడు.

అయితే ఆ షరతు నిజమైనదై ఉండాలి. "మానేసినా ఇస్తాంలే, పన్ను కోసం అలా రాశాం" అని నోటిమాటగా చెప్పుకుంటే ఆ కాగితానికి బలం లేదు. షరతు నిజమైతే నష్టం కూడా నిజమే. ఆగస్టులో మంచి ఉద్యోగం దొరికినా, ఇంట్లో ఏదైనా వచ్చి ఊరికి వెళ్లిపోవాల్సి వచ్చినా ఆ 2 లక్షలూ వదులుకోవాలి. కంపెనీ పరిస్థితి బాగోకపోయినా అంతే. పన్ను మిగులుతుందన్న ఒక్క మాట విని ఇలాంటి లెటర్ మీద సంతకం పెట్టినవాళ్లు నాకు తెలుసు. అందులో కొందరు ఆ ఆరు నెలలూ ఇష్టంలేని చోట గడిపారు.

కొన్ని కంపెనీలు దీనికి తలకిందులైన ఏర్పాటు చూపిస్తాయి. మొత్తం డబ్బు ఇప్పుడే ఇచ్చేసి, ఏడాదిలోపు మానేస్తే తిరిగి కట్టాలంటాయి. ఇందులో పన్ను పంపకమేమీ జరగదు. చేతికందిన రోజే మొత్తం ఆ ఏడాది ఆదాయం. తర్వాత తిరిగి కట్టాల్సి వస్తే కట్టిన పన్ను వెనక్కి రాబట్టుకోవడం పెద్ద తలనొప్పి. రెండు లెటర్లూ చదవడానికి ఒకేలా ఉంటాయి, జాగ్రత్తగా చూడాలి.

ఇంకో దారి ఉంది, దాన్ని అడిగేవాళ్లు చాలా తక్కువ. రెండింటిలో ఏది ముందైతే అదని చెప్పుకున్నాం కదా. దాని అర్థం, రావలసిన డబ్బుని తర్వాతి ఏడాదికి నెట్టలేం గానీ, తర్వాతి ఏడాది రావలసినదాన్ని ముందుగా తీసుకోవచ్చు. చాలా కంపెనీలు మార్చి 31న లెక్కలు ముగించి బోనస్‌ని ఏప్రిల్ తర్వాతే ఇస్తాయి. అలా జూన్‌లో రావలసిన బోనస్‌లో సగం మార్చిలోనే అడ్వాన్సుగా ఇమ్మని అడగొచ్చు. అడ్వాన్సుగా అందిన భాగం అందిన ఏడాది ఆదాయమవుతుంది, మిగతాది జూన్‌లో కొత్త ఏడాది ఆదాయమవుతుంది. ఇందులో ఉద్యోగికి డబ్బు ముందే అందుతుంది, పోగొట్టుకునే ప్రమాదమూ లేదు. కంపెనీ ఒప్పుకోవాలి, కాగితం మీద 'బోనస్ అడ్వాన్సు' అని రాయాలి. అప్పు అని రాస్తే కుదరదు, అప్పు జీతం కాదు.

ఇంతా చేస్తే మిగిలేదెంత? ఇక్కడ మావాడికి ఇంకో నిజం చెప్పాల్సి వచ్చింది. 93,600 మిగులుతుందన్న లెక్కలో వచ్చే ఏడాది జీతం పెరగదని అనుకున్నాం. వాడికి ఏప్రిల్‌లో 8 శాతం పెరగబోతోంది. అప్పుడు జీతం 11,61,000, స్టాండర్డ్ డిడక్షన్ పోను 10,86,000. దానికి 2 లక్షల బోనస్ కలిస్తే 12,86,000. మళ్లీ 12 లక్షల గీత దాటేశాడు, రిబేటు లేదు, పన్ను సెస్సుతో 75,816. అంటే సరైన సమయంలో అడిగి, షరతుకి ఒప్పుకుని పంచుకున్నా మిగిలేది 17,784 మాత్రమే. దానికోసం 2 లక్షలు ఆరు నెలలు అనుమానంలో పెట్టాలా అన్నది ఆలోచించుకోవాలి.

అదే లెక్కని ఇంకోలా తిప్పితే ఫలితం మారుతుంది. జీతం ప్యాకేజీలోంచే కంపెనీ చేత ఎన్‌పీఎస్‌లో డబ్బు వేయించుకుంటే, బేసిక్, డీఏల మీద 14 శాతం దాకా కొత్త విధానంలోనూ ఆదాయంలోంచి తగ్గిస్తారు. మావాడికి డీఏ లేదు, జీతంలో సగం బేసిక్. అందులో 14 శాతం 81,270. 12,86,000లోంచి అది తీస్తే 12,04,730. గీత కాస్త దాటినవాళ్లకు పన్ను ఆ దాటిన మొత్తాన్ని మించకుండా చట్టం ఊరటనిస్తుంది. కాబట్టి పన్ను 4,730, సెస్సుతో దాదాపు 4,919. ఆ 81 వేలు మాత్రం చాలాకాలం చేతికి రావు.

అసలు ఈ విన్నపం ఎవరికి పనికొస్తుందో కూడా చెప్పాలి. 12 లక్షల గీత దగ్గర ఉన్నవాళ్లకు బాగా పనికొస్తుంది. 15,75,000 జీతం, 8 లక్షల బోనస్ ఉన్న ఉద్యోగిని తీసుకుంటే, ఒకే ఏడాది తీసుకున్నప్పుడు రెండేళ్లకీ కలిపి పన్ను 3,95,200 అవుతుంది. జీతం పెరగదనుకుని పంచుకుంటే 3,74,400. తేడా 20,800. జీతం 10 శాతం పెరిగితే ఆ తేడా 12,610కి పడిపోతుంది. బోనస్ లేకుండానే రెండేళ్లూ ఆదాయం 24 లక్షలు దాటేవాళ్లకు మామూలుగా పైసా కూడా మిగలదు, వాళ్లకు బోనస్ ఎప్పుడొచ్చినా 30 శాతమే. 50 లక్షలు దాటితే పడే సర్‌ఛార్జి గీత దగ్గరున్నవాళ్లకు మాత్రం మళ్లీ తేడా వస్తుంది. అందుకే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టేముందు వచ్చే ఏడాది జీతాన్ని కూడా పక్కన పెట్టి లెక్క వేసుకోవాలి.

మా అక్క ఆ రాత్రి ఫోన్ తీసుకుని, "మరి నీ స్నేహితుడు ఆ టీచరుగారికి పీఆర్‌సీ బకాయిలొచ్చినప్పుడు ఏదో ఫారం పెడితే పన్ను తగ్గిందన్నావు కదరా తమ్ముడూ, వీడికి పెట్టకూడదా?" అంది. ఆవిడ అడిగింది ఫారం 10ఈ గురించి. పాత ఏళ్లకు చెందిన జీతం ఇప్పుడు ఒక్కసారిగా వస్తే, అవి ఆయా ఏళ్లలోనే వచ్చుంటే పన్నెంత పడేదో లెక్కకట్టి, ఎక్కువైన భాగానికి 1961 నాటి చట్టం సెక్షన్ 89 కింద ఊరటనిస్తారు. రిటర్నుకి ముందే ఆ ఫారం ఆన్‌లైన్‌లో వేయాలి. కానీ అది బకాయిలకీ అడ్వాన్సు జీతానికీ. ప్రాజెక్టు ఎన్నాళ్లు నడిచినా, మావాడి బోనస్‌కి హక్కు ఈ మార్చిలోనే పుట్టింది. పాత ఏళ్లలో ఇవ్వాల్సినదేదీ కంపెనీ ఆపుకోలేదు. దాన్ని బకాయి అనలేం.

మర్నాడు వాడు ఆ విన్నపం వెనక్కి తీసుకుంటున్నానని హెచ్‌ఆర్‌కి రాశాడు. మార్చి జీతంతో 4 లక్షలూ వచ్చాయి, 93,600 కోసుకున్నారు. జూన్‌లో కొత్త ప్రాజెక్టు మొదలైంది. ఈసారి లెటర్ ఇంకా డ్రాఫ్టుగా ఉండగానే నాకు పంపించాడు. సగం 2027 మార్చి జీతంతో, మిగతా సగం 2027 సెప్టెంబర్ 30కి ఉద్యోగంలో ఉంటేనే అని ఉంది. చదివి, పన్ను మాటకొస్తే ఇది నిలబడుతుందని చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పన్ను సంగతి సరే మామయ్యా, సెప్టెంబర్ దాకా ఇక్కడే ఉంటానా అనేదే ఆలోచిస్తున్నాను," అన్నాడు.